ఫైలు పేరులో ఇరవై నిమిషాలు

ఆవిడను ఆ వీధిలో అందరూ గడియారం వదిన అంటారు. పేరు పెట్టింది సొంత మరిది. పెళ్లి ఫొటోలు తీయడానికి ఏ హాలుకు వెళ్లినా, కుర్చీలు సర్దేవాళ్లు ఇంకా కుర్చీలు సర్దుతుండగానే, ఆవిడ ముందు గోడ గడియారం ఎక్కడుందో వెతుకుతుంది. దానికి తన కెమెరాతో ఒక ఫొటో తీస్తుంది. మరిది చేత అతని కెమెరాతో ఇంకొకటి తీయిస్తుంది.

"పెళ్లికూతురికన్నా ముందు గడియారానికి మేకప్ వేయించేట్టున్నావు వదినా."

"నువ్వు తీసే మనుషులకన్నా అదే నయం. కళ్లు మూయదు, ఇంకోటి తీయమని అడగదు. తియ్యి."

అందులో మర్మమేమీ లేదు. రెండు కెమెరాల లోపలి గడియారాలు ఎప్పుడూ ఒక్క మాట మీద ఉండవు. రెండూ ఒకే గోడ గడియారాన్ని చూస్తే, ఏది ఎంత ముందుందో, ఏది ఎంత వెనకబడిందో తెలిసిపోతుంది. స్టూడియోకి వచ్చాక ఆ తేడా సరిచేసి, ప్రతి ఫొటోకీ అది తీసిన వేళనే పేరుగా పెడుతుంది. అప్పుడు రెండు కెమెరాల ఫొటోలూ కలిసి, ఆ రోజు ఎలా నడిచిందో అలాగే వరసలో నిలబడతాయి.

ఈ పిచ్చి ఆవిడకు రీళ్ల కాలంలోనే పట్టుకుంది. పెళ్లికి ముందు ఒక ల్యాబ్‌లో నెగెటివ్‌లు కడిగే పని చేసేది. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చి, ఎన్నో ఏళ్ల కిందటి పెళ్లిలో తన చెల్లెలి ఫొటో కావాలన్నాడు. ల్యాబ్ ఓనరు నోరు మంచిది కాదు గాని చెయ్యి మంచిది. వచ్చినాయన టీ తాగడం పూర్తవకముందే అరలోంచి ఒక కవరు లాగి, అందులోంచి ఒక ముక్క తీసి దీపానికి పట్టి చూపించాడు. గోరంత నెగెటివ్‌లో ఒక ఆడపిల్ల నవ్వుతోంది. చనిపోయిన మనిషిని పేరు పెట్టి పిలిస్తే పలికినట్టయింది. అప్పుడు తెరిచిన నోరు ఆవిడ ఇప్పటికీ పూర్తిగా మూయలేదని మరిది అంటాడు.

ఇప్పుడు స్టూడియో పుస్తకాల షాపు పై గది. రెండు కంప్యూటర్లు, ఒక ఇనప బీరువా. బీరువాలో మెత్తటి సంచుల్లో హార్డ్ డిస్కులు, ప్రతిదాని మీదా తేదీ రాసిన చీటీ. ఫొటోలు ఇచ్చేటప్పుడు డిస్కుతో పాటు రెండు పేజీల ఉత్తరం కూడా ఇస్తుంది. ఆ ఉత్తరంలో కొంత ఇలా ఉంటుంది:

"అమ్మా, డిస్కులో రెండు పెద్ద ఫోల్డర్లున్నాయి. 'ప్రింటు' అన్నవి పూర్తి సైజు ఫొటోలు. గోడంత పెట్టుకోవాలన్నా, ఆల్బమ్ వేయించాలన్నా అవే వాడాలి. 'ఫోన్' అన్నవి అవే ఫొటోలు, చిన్న సైజులో, చుట్టాలకు పంపడానికి. వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫొటోను మాత్రం దాచుకోకండి. అది చిక్కిపోయి, పేరు పోగొట్టుకుని వస్తుంది. రెండింటి లోపలా తయారవడం, హాల్లోకి రావడం, భోజనాలు అని ఆ రోజు జరిగిన వరసలో నంబర్లు వేసిన ఫోల్డర్లు ఉంటాయి. ఒక్కో ఫొటో పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, తేదీ, ఆపైన గంట, నిమిషం, సెకను. తర్వాత ఎ అంటే నా కెమెరా, బి అంటే మా మరిదిది. చివరి నంబరు కెమెరా ఇచ్చింది. ఏడాది ముందు ఎందుకంటే, పేరు వరసలో పెడితే కాలం వరసలో వస్తుంది. పేర్లు మార్చకండి. నచ్చిన ఫొటోను వేరే ఫోల్డరులోకి కాపీ చేసుకోండి, తరలించకండి. మొత్తం మూడు కాపీలుండాలి. హార్డ్ డిస్కు, పెన్ డ్రైవ్ లాంటి రెండు రకాల వాటి మీద ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ఏడాదికోసారి డిస్కు పెట్టి తెరిచి చూడండి. ఊరికే పడున్న డిస్కు మాటా పలుకూ లేకుండా పోతుంది. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు, మీకివ్వని వాటితో సహా, నా దగ్గర ఏడాది ఉంటాయి. తర్వాత ఉండవు."

"దీన్ని ఒక్కడన్నా చదివాడా వదినా? బీరువా అరల్లో పరుచుకుంటారు," అనేవాడు మరిది.

అలాంటిది ఒక సాయంత్రం, వచ్చే నెలతో పెళ్లయి ఏడాది నిండే అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చేతిలో డిస్కు, ఆ ఉత్తరం. మడతల దగ్గర నలిగి, అక్కడక్కడా గీతలు గీసి ఉంది. మరిది ఆ గీతల వంక చూసి, వదిన చెవిలో, "చదివింది. నిజంగానే చదివింది," అన్నాడు, దెయ్యాన్ని చూసినవాడిలా.

ఆ అమ్మాయి కూర్చుంది. సంగతి చెప్పింది. వాళ్ల నాన్న బస్సు డిపోలో మెకానిక్. పెళ్లయిన రెండో నెలలో పోయాడు. పెళ్లి రోజు ఆయన ఒక్కచోట కూర్చోలేదు. వంటవాళ్ల బండి ఆలస్యమైందని ఒకసారి, లైట్లు పోయాయని ఒకసారి, రోజంతా పరుగులే.

"నేను హాల్లోకి వచ్చేటప్పుడు అందరి మొహాలూ చూశానక్కా. నాన్న మొహం కనబడలేదు. నేను రావడం చూశావా అని తర్వాత అడగాలనుకున్నాను. అడిగేలోపే..."

వదిన గ్లాసుతో మంచినీళ్లు ఆమె ముందు పెట్టింది.

"మీ ఉత్తరంలో ఉన్నట్టే అన్నీ పేరు వరసలో పెట్టి చూశాను. నాన్నది ఒకటి దొరికింది. స్తంభం పక్కన నిలబడి తలుపు వైపు చూస్తున్నాడు. ఆ చూపు..." అమ్మాయి ఉత్తరాన్ని మోకాలి మీద పరిచింది. "కానీ దాని పేరులో మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలుంది. నేను లోపలికి వచ్చిన ఫొటోలన్నీ నాలుగూ పంతొమ్మిదివి. అంటే నన్ను కాదు. మా అన్నయ్య, వంటవాళ్ల బండి కోసం చూస్తున్నాడులే అన్నాడు."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?"

"పేరు తప్పయ్యే వీలుందా అని అడగడానికి. లేదంటే లేదని చెప్పండక్కా. ఓదార్చడానికి మాత్రం ఉందని చెప్పొద్దు."

వదినకు ఆ మాట సూటిగా తగిలింది. జాలిపడి ఒక అబద్ధం చెప్పడం ఎంతసేపు. కానీ ఆ తర్వాత ఆవిడ పెట్టిన ఏ పేరుకూ విలువుండదు. ఆవిడ డిస్కు పెట్టి ఆ ఫొటో తెరిచింది. పేరు చివర బి.

"ఒరేయ్. ఆ రోజు గడియారం తీశావా?"

"తీశాను. పొద్దున్నే తీశాను." మరిది తల గోక్కున్నాడు. "మధ్యాహ్నం మాత్రం బ్యాటరీ మార్చాను. అప్పుడు తారీఖు, టైము కొట్టమని అడిగింది. లోపలి చిన్న బ్యాటరీ చచ్చినట్టుంది, గడియారం మొదటికొచ్చింది. నా చేతి వాచీ చూసి కొట్టేశాను."

"ఏ వాచీ?"

అతను చెయ్యి ముందుకు చాపాడు. వదిన ఆ వాచీని, గోడ మీద గడియారాన్ని మార్చి మార్చి చూసింది.

"ఇది ఇవాళ్టి టైము చూపిస్తోందా, నిన్నటిదా?"

"నెమ్మదిగా పోతుంది వదినా. అలవాటైపోయింది. అందుకే మనం ఎక్కడికైనా లేటు."

అమ్మాయి నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. "అయితే..."

"ఆగమ్మా. తప్పు ఉందని తెలిసింది. ఎంతో తెలియాలి."

బీరువా తెరిచింది. ఏడాది గడువు ఇంకా దాటలేదు. అసలు ఫైళ్లున్న డిస్కు సంచిలోంచి తీసి పెట్టింది. మరిది బ్యాటరీ మార్చాక తీసిన ఫొటోల్లో బంధువుల గుంపు ఫొటో ఒకటి దొరికింది. వాళ్ల తలల పైన, మసగ్గా, హాలు గోడ గడియారం. ముళ్లు చూపే వేళకూ ఫైలు వేళకూ ఇరవై నిమిషాల పైనే తేడా.

"ఇరవయ్యో, ఇరవై ఒకటో. ముళ్లను బట్టి ఇంతకన్నా చెప్పలేను," అంది వదిన. "నిమిషం తేడాలో మీ నాన్న బండి కోసమే చూసి ఉండొచ్చు. ఇంకా దగ్గరకు వెళ్లాలి."

అప్పుడు అమ్మాయికి ఇవ్వని ఫొటోల జోలికి వెళ్లింది. స్తంభం దగ్గర నాన్నను మరిది వరసగా ఫొటోలు తీశాడు. అమ్మాయికి అందులో ఒక్కటే ఇచ్చారు. మిగతావాటిలో రెండు పనికిరానివి. బొమ్మంతా తెల్లగా వెలిగిపోయింది, పిండిలో ముంచి తీసినట్టు.

"ఇవి ఎందుకిలా అయ్యాయి?" అంది అమ్మాయి.

మరిది ముందుకు వంగాడు.  తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు. "నాకు ఫ్లాష్ లేదు ఆ రోజు. ఇది వేరేవాళ్ల ఫ్లాష్. నేను నొక్కిన క్షణానే ఇంకెవరో నొక్కితే, వాళ్ల వెలుతురు నా ఫొటోలో పడుతుంది. హాల్లో ఫ్లాష్ ఉన్నది వదిన దగ్గరే."

 వదిన ఆ రెండు తెల్లటి ఫొటోల పేర్లు చూసింది. మధ్యలో నాలుగు సెకన్లు. తన కెమెరా ఫొటోలు తెరిచింది. తలుపు దగ్గర పెళ్లికూతురు, ఆమె ముందు తను వెనక్కి నడుస్తూ నొక్కిన వరస. నాలుగు సెకన్ల ఎడంతో ఉన్న జంట ఒకే ఒక్కటి ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి లెక్క చూస్తే ఇరవై నిమిషాలు దాటి మరికొంత. గోడ గడియారం చెప్పిన దానితో సరిపోయింది. ఆ రోజు సాయంత్రం ఇంకోచోట తెల్లబోయిన ఫొటో ఒకదానికి కూడా అదే తేడా వేసి చూసింది. అదీ సరిగ్గా వచ్చి తన ఫ్లాష్ మీదే కూర్చుంది.

వదిన చేతులు ఒళ్లో పెట్టుకుంది. 

తెర మీద ఎడమవైపు అమ్మాయి, గడప దాటుతూ, ఎవరినో వెతుకుతున్న కళ్లతో. కుడివైపు స్తంభం పక్కన నాన్న. తెల్లటి ఆ బొమ్మను వదిన కొంచెం కొంచెంగా ముదురు చేస్తూ పోయింది. అసలు ఫైలులో వెలుతురు వెనక ఇంకా దాగి ఉన్నదంతా మెల్లగా పైకి తేలింది. ముందు చొక్కా జేబులో పెన్ను, తర్వాత గ్రీజు మరక పోని వేళ్లు, తర్వాత మొహం. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"నీ మొహం మీద పడిన వెలుతురూ ఆయన మొహం మీద పడిన వెలుతురూ ఒక్కటేనమ్మా," అంది వదిన. "ఒకే ఫ్లాష్. మధ్యలో ఇంకేం లేదు."

అమ్మాయి తెరకు చెయ్యి ఆనించబోయి, ఆనించలేదు. "చూశాడు," అంది. అంతే. 

మరిది చేతి వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని పెట్టుకున్నట్టు ఎవరూ చూడలేదు.

ఆ వారం డిస్కు తిరిగి వెళ్లింది. దానితో పాటు ఒక కొత్త ఉత్తరం:

"అమ్మా, బ్యాటరీ మార్చాక బి కెమెరా తీసిన ఫొటోలన్నిటికీ సరైన వేళతో కొత్త పేర్లు పెట్టాను. నీ దగ్గరున్న మూడు కాపీల్లోనూ పాత ఫోల్డర్లు తీసేసి ఇవి పెట్టుకో. చివరి నంబర్లు మార్చలేదు కాబట్టి ఆల్బమ్ కోసం నువ్వు రాసుకున్నవి చెడవు. ముందు ఇవ్వని ఫొటో ఒకటి కలిపాను. పేరు వరసలో పెడితే నీ ఫొటో పక్కనే వస్తుంది. దాని పేరూ నీ ఫొటో పేరూ సెకను వరకు ఒకటే. ఆపైన ఎ, బి అన్న అక్షరమే తేడా. నీ పెళ్లికి ఏడాది నిండినా ఈ అసలు ఫైళ్లు నేను తీసేయడం లేదు."

ఉత్తరం మడిచి సంచిలో పెడుతుంటే మరిది అడిగాడు, "ఏడాది తర్వాత ఉండవు అని అందరికీ రాస్తావు కదా వదినా. మరి ఇది?"

 ఆవిడ బీరువా పై అరలో ఒక చోటు ఖాళీ చేసి ఆ అసలు ఫైళ్ల డిస్కు పెట్టింది. తలుపు వెంటనే వేయకుండా, తేదీలు రాసి వరసగా నిలబడ్డ ఆ సంచులన్నిటినీ మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ నిలబడింది. వాటిలో ఎవరు ఎవరిని చూస్తున్నారో ఇంకా ఎవరూ అడగలేదు.