టైఫాయిడ్ అని రాయించుకోని సెలవు

రాష్ట్రం విడిపోయి కొన్నేళ్ళయిన రోజులవి. నరసన్నపేట దాటాక హైవే పక్కనున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో డయాలసిస్ వార్డుకి నేను ఇంచార్జి సిస్టర్ని. మా పేషెంట్లలో ఎక్కువమంది ఉద్దానం వాళ్ళు. కొబ్బరితోటల్లో పని చేసినవాళ్ళు, జీడిపిక్కలు కొట్టినవాళ్ళు, సముద్రంలో చేపల వేటకెళ్ళినవాళ్ళు. కిడ్నీలు పాడైపోయి వారానికి రెండుసార్లు మా దగ్గరికి వచ్చి నాలుగేసి గంటలు మెషిన్ పక్కన పడుకునేవారు.

మిగతా వార్డుల్లో పేషెంటు వస్తాడు, నయమై వెళ్ళిపోతాడు. మా దగ్గర అలా కాదు. ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటారు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు, కోడళ్ళ కాన్పులు, చెల్లెళ్ళతో తగాదాలు అన్నీ మనకి తెలుస్తాయి. చేప తెచ్చిస్తారు, పనసకాయ తెచ్చిస్తారు. ఒకరోజు రారు. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరో ఏడుస్తూ తీస్తారు. అప్పటికే వెయిటింగ్‌లో ఉన్న మనిషికి ఆ మంచం ఇచ్చేయాలి. ఆలస్యం చేస్తే ఆ మనిషికీ ప్రమాదమే.

ఈ పని నాకు ఇష్టం. మొదట్నుంచీ ఇష్టమే. అందుకే నాకేం జరుగుతోందో చాలాకాలం పోల్చుకోలేకపోయాను.

బారువ వైపు నుంచి చేపలమ్మే ఒకావిడ వచ్చేది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నాకు సూది గుచ్చడం రాదని వార్డంతా వినేలా తిట్టి, మళ్ళీ నేనే గుచ్చాలని పట్టుబట్టేది. ఆవిడ పోయిందని కబురొచ్చిన పొద్దున నేను, "అయితే ఆ మంచానికి ఎవర్ని పిలుద్దాం?" అన్నాను. ఆ గొంతు నాదే, అందులో మాత్రం ఏమీ లేదు. మా జూనియర్ సిస్టర్ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి ఫోను అందుకుంది.

ఆ తరువాత నిద్ర తగ్గింది. ఇంట్లో ఎవరేం అడిగినా విసుగు. ఆదివారం చర్చిలో పాట పాడుతూ మధ్యలో ఆపేసి కూర్చునేదాన్ని. ఏడుపొచ్చినా బాగుండేది, అదీ రాలేదు. ఒక ఉదయం ఒక పేషెంటు బరువు చూసి, ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో మెషిన్లో నంబరు పెడుతున్నాను. పెట్టాను. సరిగ్గా పెట్టానా అని అనుమానం. మళ్ళీ లెక్క వేశాను, అదే వచ్చింది. అయినా నమ్మకం కలగలేదు. ఆ నంబరు ఎక్కువైతే బీపీ పడిపోతుంది, మనిషి కళ్ళు తేలేస్తాడు. మెషిన్ ఆన్ చేయకుండా టెక్నీషియన్ని పిలిచాను. "ఇది నువ్వు సూసుకో. నాకు ఈ రోజు చేతులాడ్డం లేదు" అని చెప్పి బయటికొచ్చేశాను.

మా ఆయన రైసు మిల్లులో ఎలక్ట్రీషియను. మధ్యాహ్నానికే ఇంట్లో ఉన్న నన్ను చూసి కంగారుపడ్డాడు.

"ఏటైందే? జొరమా?"

"జొరం లేదు బావా. డ్యూటీకి ఎల్లలేను."

"ఎల్లలేకపోతే మానీ. రేపు సూసుకుందాం."

"రేపు కూడా ఎల్లలేను. నాకేటో అయిపోనాది."

ఆయన చెప్పులు విప్పకుండానే వెళ్ళి వేడివేడిగా ఇడ్లీ కట్టించుకొచ్చాడు. మర్నాడు విజయనగరంలో మానసిక వైద్యుడి దగ్గరికి తనే తీసుకెళ్ళాడు. మా బంధువులెవరైనా చూస్తారేమోనని నేను చున్నీ ముఖానికి చుట్టుకుంటే, "పంటి డాక్టరు కాడికొచ్చినట్టున్నావు" అని నవ్వించాడు.

డాక్టరు నెమ్మదస్తుడు. చాలాసేపు నా చేత చెప్పించాడు. ఇది పనివల్ల వచ్చిన అలసట ముదిరి డిప్రెషన్లోకి దిగిన స్థితి అనీ, మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, ఈలోగా ఆ వార్డుకి దూరంగా ఉండాలనీ చెప్పాడు. నెలన్నర సెలవు అవసరమన్నాడు. సర్టిఫికెట్ రాయడానికి పెన్ను తీసి ఆగాడు.

"ఏం రాయమంటారు? చాలామంది టైఫాయిడనో పచ్చకామెర్లనో రాయమంటారు. నేను రాయను. కానీ జబ్బు పేరు అక్కర్లేదనుకుంటే 'నా చికిత్సలో ఉన్నారు, విశ్రాంతి అవసరం' అని రాయొచ్చు."

ఆలోచించి అలాగే రాయమన్నాను. కింద ఇంకొక వాక్యం అడిగాను. తిరిగి చేరాక కొంతకాలం తక్కువ గంటల పని ఇవ్వాలని, వెంటనే డయాలసిస్‌లో వేయకూడదని. డాక్టరు తలూపి రాశాడు.

మా అడ్మినిస్ట్రేషన్ ఆఫీసరు నేవీలో గుమస్తాగా చేసి రిటైరై వచ్చినాయన. రూలు తప్పడు, మనిషి చెడ్డవాడు కాడు. సర్టిఫికెట్ చదివి, లేచి గది తలుపు మూశాడు.

"ఏంటమ్మా ఇది? సైకియాట్రీ డాక్టరు స్టాంపు. దీంతో నాకు చిక్కు" అన్నాడు. మా రూల్సు పుస్తకంలో ఒంటి జబ్బుకైతే మెడికల్ లీవు మామూలుగా ఇచ్చేస్తారు. మానసిక జబ్బని తెలిస్తే మేనేజ్‌మెంట్ విడిగా విచారించి, ఉద్యోగానికి పనికొస్తారో లేదో తేలుస్తుంది. ఎప్పుడో ఎవరో ఎక్కడినుంచో ఎత్తి రాసిన రూలది. మా టెక్నీషియన్లకైతే ఈఎస్ఐ ఉంది, జబ్బు సెలవులో జీతంలో కొంత అక్కణ్ణుంచి వస్తుంది. నా జీతం ఆ పరిమితి దాటింది కాబట్టి నాకు ఈ పుస్తకమే గతి.

ఆయన గొంతు తగ్గించాడు. "మన మెడిసిన్ డాక్టరుగారు టైఫాయిడని రాసిస్తారు. నీకూ సులువు, నాకూ సులువు. ఎవరికీ తెలీదు."

"టైఫాయిడైతే సెలవిస్తారు సార్. తగ్గాక మళ్ళీ అదే వార్డులో, అదే డ్యూటీలో పడేస్తారు. నాకొచ్చిన జబ్బు ఆ డ్యూటీలోనే ఉంది కదా."

ఆయన సర్టిఫికెట్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నీకిస్తే రేపు ప్రతివాళ్ళూ టెన్షనంటూ వస్తారు" అన్నాడు.

"వస్తే రానీండి. టైఫాయిడని ఇప్పుడూ వస్తున్నారుగా. అప్పుడు కనీసం ఏ వార్డు నుంచి ఎక్కువ వస్తున్నారో మీకు తెలుస్తుంది."

ఆయన సర్టిఫికెట్ పట్టుకుని నేరుగా సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కిడ్నీ డాక్టరు, మా పేషెంట్లందరూ ఆవిడ పేషెంట్లే. నన్నూ పిలిపించింది. కుర్చీలో కూర్చోమని, "ఆ రోజు మెషిన్ ఆన్ చెయ్యకుండా పక్కకు తప్పుకున్నావట. మంచి పని చేశావు" అంది. నెలల తరువాత నాకు కళ్ళు చెమ్మగిల్లింది అక్కడే.

విచారణ అక్కర్లేదని ఆవిడే రాయడంతో నా సెలవు ఆ పూటే మంజూరైంది. రూలు మార్చడానికి మాత్రం సమయం పట్టింది.

సెలవులో మొదటి వారమంతా నిద్రే. తరువాత మెల్లగా పొద్దున్నే నడిచేదాన్ని. మా వీధిలోకి చేపలు తెచ్చే మనిషి గంప దించి అడిగింది.

"సిస్టరమ్మా, ఇంటికాడే ఉన్నావు, ఏటి రోగం?"

వీధిలో ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పేశాను. "మనసు అలిసిపోనాదమ్మా."

"అలిసిపోదేటి మరి! ఇయ్యాల నెత్తళ్ళు బాగున్నాయి, తీసుకో" అంది. అంతే. నేను భయపడినంత ఏమీ జరగలేదు. చింతకాయ వేసి ఆ నెత్తళ్ళు వండుకుని, చాలా రోజుల తరువాత రెండోసారి అన్నం పెట్టుకున్నాను. నేను తింటుంటే మా ఆయన తినడం ఆపి చూశాడు.

నేను ఊహించని దెబ్బ మా జూనియర్ సిస్టర్ దగ్గర్నుంచి తగిలింది. ఒక సాయంత్రం చూడ్డానికొచ్చింది. అరటిపళ్ళు బల్లమీద పెట్టి, కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అంది.

"అక్కా, నీకు సెలవొచ్చినాది. నాకు నీ డ్యూటీ వచ్చినాది. ఏకంగా రెండు షిఫ్టులు సేస్తన్నాను. నీ తరవాత పడిపోయేది నానే."

కోపం రాలేదు. నిజం కదా. నా సెలవు మంజూరు చేసినవాళ్ళు నా స్థానంలో ఎవర్నీ పెట్టలేదు. వెంటనే ఆఫీసరుగారికి ఫోన్ చేశాను. "సార్, నా రోగాన్ని ఆ పిల్లకి బదిలీ చేస్తున్నారు మీరు." ఆయన కొంత గొణిగి, విశాఖపట్నం నుంచి డయాలసిస్ తెలిసిన నర్సుని తాత్కాలికంగా రప్పించాడు.

నేను తిరిగి చేరేముందు డాక్టరు ఫిట్‌నెస్ రాసిచ్చాడు. మొదట సగం రోజు చొప్పున ఓపీలో బీపీలు చూశాను. మందు మానలేదు. ఓపీ వరండాలో మా పాత పేషెంటు ఒకాయన, కంచిలి వైపు కొబ్బరి రైతు, నన్ను పట్టేశాడు.

"మా కాడికి రావేటి? అలిగినావా?"

"లేదు తాతా. నాకూ ఒంట్లో బాలేదు."

"మరైతే బాగయ్యాకే రా. తొందరేటి" అని నా నెత్తిమీద చెయ్యి పెట్టాడు. నెలన్నర్లో నాకు దొరికిన అనుమతులన్నిట్లో అది గొప్పది.

ఓపీలో ఉన్నప్పుడే మేడమ్ ఒక మీటింగు పెట్టింది. ఆఫీసరు, నేను, జూనియర్, ఇంకొక వార్డు సిస్టర్. ఆ ఏడాదే అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, వైద్యం విషయంలో మనసు జబ్బుని ఒంటి జబ్బుతో సమానంగా చూడమంటోందని మేడమ్ చెప్పింది. "వైద్యం చేసే మనమే మన మనుషుల సెలవు దగ్గర వేరుగా చూస్తే ఏం బాగుంటుంది?" అంది. ఆ విడి విచారణ రూలు తీసేశారు. సర్టిఫికెట్లో జబ్బు పేరు అక్కర్లేదు. ఎన్నాళ్ళు పనికి రాలేరు, తిరిగొచ్చాక ఏ పని వద్దు అన్నది చాలు. ఆ కాగితం ఆఫీసరు దగ్గరే ఉండాలి, వార్డులో తిరక్కూడదు. సెలవిచ్చిన రోజే బదులు మనిషిని చూడాలన్నది జూనియర్ పట్టుబట్టి రాయించింది. దుర్వినియోగం చేస్తారేమోనని ఆఫీసరు మళ్ళీ ఎత్తితే మేడమ్, "సెలవు పొడుగైతే రెండో డాక్టరుని చూడమందాం, ఏ జబ్బుకైనా సరే" అంది. ఆయనకి అది నచ్చింది.

సెలవొక్కటే చాలదని నేను చెప్పాను. అందుకని డయాలసిస్ సిస్టర్లని కొన్ని నెలలకోసారి వేరే వార్డుకి మార్చడం మొదలుపెట్టారు. పేషెంటు పోయిన రోజు, ఆ మంచం ఇంకొకరికి ఇచ్చాక, షిఫ్టు మారేటప్పుడు అందరం స్టోర్ రూములో కాసేపు కూర్చుంటాం. టీ తాగుతాం. పోయిన మనిషి గురించి చెప్పుకుంటాం. ఎక్కువగా నవ్వే వస్తుంది.

మరుసటి ఏడు మా జూనియర్ పదిహేను రోజులు సెలవు పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బదులు మనిషి వచ్చింది. తిరిగొచ్చాక తనే నా పక్కన కూర్చుని చెప్పాలనుకున్నది చెప్పింది.

ఇప్పుడు నేను మళ్ళీ డయాలసిస్‌లోనే ఉన్నాను. నంబరు ఒకసారి పెడితే నమ్మకంగానే ఉంటుంది. ఈ రూలు కాంట్రాక్టు మీద పనిచేసే ఆయాలకి ఇంకా వర్తించలేదు. వాళ్ళు కాంట్రాక్టరు మనుషులని ఆఫీసరుగారంటారు. మంచం మీద దుప్పటి మార్చేది వాళ్ళే కదా సార్, ఖాళీ అయిన మంచం మొదట చూసేది వాళ్ళే కదా అని నేనంటాను. నిన్న కూడా దీనిమీదే వాదించుకున్నాం. కాంట్రాక్టరుతో మాట్లాడతానన్నాడు. వచ్చేవారం మళ్ళీ అడుగుతానని చెప్పి, వార్డులో బెల్లు మోగితే వెళ్ళిపోయాను.