గట్టయ్య కాక పరిచయ వాక్యాలు

గట్టయ్య కాక ముప్పై నాలుగేళ్లు బొగ్గుగనిలో పనిచేశాడు. చివరి పద్దెనిమిదేళ్లు సర్దార్. షిఫ్టు మొదలవగానే కర్రతో పైకప్పు బండను తట్టి, గట్టిగా మోగితే మనుషులను లోపలికి పంపడం, డొల్లగా మోగితే ఆపడం ఆయన పని. పదకొండేళ్ల కింద ఆయన బాగుందని పంపిన చోటే బండ కూలి, పోశవ్వ భర్త పోయాడు. తట్టిన తర్వాత కూడా బండ కదలవచ్చని విచారణలో తేల్చారు. పోశవ్వ మాత్రం ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఇద్దరివీ ఒకే వరుసలో క్వార్టర్లు.

గోదావరిఖనిలో మా కాలనీ గ్రంథాలయానికి మందమర్రి రచయిత్రి తిరుమల తన కొత్త పుస్తకంతో వస్తున్నారు. పరిచయం చేయమని కాకను నేనే అడిగాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, గ్రంథాలయం సభలు కూడా చూస్తాను. కిందటిసారి పరిచయం చేసినాయన రచయిత సన్మానాల పట్టిక అరగంట చదివితే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"నాకు మాటలు రావు బిడ్డా," అన్నాడు కాక.

"మూడు నిమిషాలే. కథంతా చెప్పొద్దు. ఒక్క పేరా చదివి, అది మనోళ్ల బతుకులో ఎక్కడుందో అడుగు. చివర ఆమె పేరు చెప్పి దిగిపో."

వారం రోజుల్లో పుస్తకం రెండుసార్లు చదివాడు. నలభై రెండో పేజీలో ఒక పేరా దగ్గర గుర్తుగా అగ్గిపుల్ల పెట్టుకున్నాడు. ఆ పేరా చదవొచ్చా అని తిరుమలకు నాతో ఫోన్ చేయించాడు. ఆమె సరేనన్నారు. అప్పుడు కాక నాతో మెల్లగా అన్నాడు: "పోశవ్వ వదినె వస్తదట. ఇది చదివితే లేచి ఎల్లిపోతదో ఏమో. కూసుంటే చాలు నాకు."

"ఆమెకు చెప్పాలనుకున్నది అక్కడ చెప్తవా?"

"ఛ. అది ఆ అమ్మాయి సభ. నా గోస అక్కడెందుకు?"

ఆదివారం నాలుగింటికి హాలు నిండింది. పోశవ్వ తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. కాక లేచి, నమస్కారం కూడా మరిచి, చదివాడు:

"డ్యూటీ దిగి వచ్చాక నాన్న పడుకునే ముందు గోడను వేలి కణుపుతో మూడుసార్లు తట్టేవాడు. ఇల్లు గని కాదని అమ్మ నవ్వేది. ఆయన పోయిన రాత్రి మా గోడ మొదటిసారి నిశ్శబ్దంగా నిద్రపోయింది."

పుస్తకం మూశాడు. "గిట్ల గోడ కొట్టేటోళ్లు మీ ఇండ్లల్ల ఉన్నరా? చేతులు లేపుండ్రి."

నవ్వులు లేచాయి. "మా ఆయన ఫ్రిజ్ గూడ కొడ్తడు!" అందొకామె. "నువ్వు నా తలకాయ కొడ్తవు, అదెవలకు చెప్పాలె?" అన్నాడు ఆమె భర్త. ముప్పై చేతులు లేచాయి. తలుపు దగ్గర పోశవ్వ చెయ్యి కూడా లేచింది.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగాయి.

"మా ఇంట్ల ఇంకా కొడ్తడు," అంది పోశవ్వ. "ఈ పుస్తకంల నిద్రపోయిందని రాసిండ్రు. మా గోడ నిద్రపోలే."

సర్దార్‌కు తెలిసిన ప్రశ్న ఒక్కటే, కాక అదే అడిగాడు. "ఎట్ల వినవడ్తది వదినె?"

"వానలు వడ్డప్పటి సంది డొల్లగ."

హాల్లోని ముసలి కార్మికులందరూ ఒకేసారి తలెత్తి పైకప్పు చూశారు. ఎవరూ చూడమని చెప్పలేదు. నా ఒళ్లో ఉన్న మా మూడేళ్ల పాప కూడా తలెత్తింది. నేను దాని తలను నా వైపు తిప్పుకున్నాను.

కాక తన మూడు నిమిషాలు మరిచిపోలేదు. "మనం విని ఊరుకున్నదాన్ని ఈ బిడ్డ రాసింది. తిరుమల," అని చెప్పి దిగిపోయాడు. ఆమె వచ్చి, రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, పోశవ్వను అడిగారు: "అమ్మా, మిగతాది చదవనా?" పోశవ్వ తల ఊపింది. చివరిదాకా కూర్చుంది.

సభ ముగిశాక పోశవ్వ వచ్చి కాక కుర్చీ ముందు ఆగింది. "వచ్చి విను. నాకు సమజైతలేదు."

పొద్దు వాలుతుండగా నేనూ పాపతో వెంట వెళ్లాను. కాక పోశవ్వ వెనక గది గోడను తట్టి, చెవి ఆనించాడు.

"గట్టిగనే ఉంది వదినె."

"అప్పుడు గూడ గట్లనే అన్నవు."

కాక చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. తర్వాత మూల నుంచి మూల దాకా జానెడు జానెడు తట్టుకుంటూ వచ్చాడు. అటక కింద, కిటికీ కింద, మంచం వెనక. పోశవ్వ లైటు పట్టుకుని వెంట నడిచింది. ఎక్కడా తేడా లేదు. ఆయన చెయ్యి దించాడు.

అప్పుడు గోడ మోగింది. మూడుసార్లు. లోపల ఏమీ లేనట్టు.

పగలంతా ఎండకు కాగిన గోడ చల్లారేటప్పుడు ముడుచుకుని చప్పుడు చేస్తుంది. కింద పాత గని ఉండి నేల కుంగినా అదే చప్పుడు వస్తుంది. రెండూ నాకు తెలుసు. పాపను ఎత్తుకుని బయట వాకిట్లో నిలబడ్డాను.

వాళ్లిద్దరూ బయటికి వచ్చారు. కాక ఈసారి బాగుందనలేదు. "ఇయ్యాల్టి సంది నువ్వీడ పండద్దు వదినె. మా ఇంట్ల పండు. పొద్దుగాల నేనే గని ఆఫీసుల రాసిచ్చి, గోడ చూసే మనుషుల తోలుకస్త."

పోశవ్వ లోపలికి వెళ్లి, భర్త ఫొటో తీసి చంకలో పెట్టుకుని, చాప ఆయన చేతికిచ్చింది.