జాబితాలో లేని పిన్ని

లిఫ్టులు బాగుచేయడంలో ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న ఆ మెకానిక్‌కి పర్యవేక్షకుడి లైసెన్సు పరీక్ష మాత్రం కొరకరాని కొయ్య అయింది. అప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే మళ్లీ రాయడానికి రెండేళ్లు ఆగాలి. వెళ్లకపోయినా తప్పినట్టే లెక్క.

ఈసారి అతన్ని కూర్చోబెట్టి చదివించింది వాళ్ల పిన్ని. ఆవిడ బట్టలు కుట్టేది. కరెంటు గురించి ఆవిడకు తెలిసిందల్లా స్విచ్చి వేస్తే మిషను తిరుగుతుందని. అయినా ప్రశ్నల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే అడిగేది. అతను కాస్త నసిగితే చాలు, "నీకు రాదు, మళ్లీ చదువు" అనేది. ఎప్పుడూ పొరబడలేదు.

మంగళవారం పరీక్ష అనగా శనివారం పొద్దున ఆవిడ పోయింది. ఆదివారానికి అంతా అయిపోయింది. ఆ సాయంత్రం అతను పుస్తకం తెరిచి, ఒకే పేజీని గంటన్నర చూశాడు.

"రేపు వెళ్లి తేదీ మార్చమని అడుగు" అంది భార్య.

సోమవారం పదింటికల్లా పరీక్షల కార్యాలయంలో మూడో కిటికీ ముందు నిలబడ్డాడు. అద్దానికి ఉన్న రంధ్రం బాగా కిందికి ఉంది. ఎంతటివాడైనా అక్కడ నడుం వంచే మాట్లాడాలి.

లోపలి గుమాస్తావిడ అతని దరఖాస్తు, హాల్ టికెట్టు, ఆసుపత్రి ఇచ్చిన కాగితం వరసగా పేర్చింది.

"మరణ ధ్రువపత్రం ఇంకా రాలేదండి" అన్నాడు అతను.

"ఫర్వాలేదు. ఇవాళ దరఖాస్తు పడితే చాలు, అది నెలలోపు ఇవ్వచ్చు. పోయినావిడ మీకేమవుతారు?"

"పిన్ని."

ఆవిడ గోడకు అంటించిన జాబితా కేసి చూసింది. "తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు. పిన్ని లేదండి."

"నన్ను పెంచింది ఆవిడేనండి."

"మీ అమ్మగారు?"

"నాకు ఆరేళ్లప్పుడే పోయింది. అప్పుడు నాకు పరీక్షలేం లేవు."

గుమాస్తావిడ నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పెంచినవాళ్లయితే పై అధికారి ఒప్పుకోవచ్చు, నిబంధన ఉంది. కానీ పెంచినట్టు కాగితం కావాలి. నాలుగింటిలోపు తెండి."

ఇంటికెళ్లి భార్యాభర్తలిద్దరూ పిన్ని పెట్టె ముందేసుకున్నారు. బొత్తాల డబ్బాలు, కొలతల పుస్తకాలు, వాటి అడుగున అతన్ని బడిలో చేర్చినప్పటి కాగితం దొరికాయి. తల్లి పేరు అన్నచోట పిన్ని పేరు ఉంది. పక్కన ఆవిడ సంతకం.

అతనికి ఆ సంగతి ఇప్పటిదాకా తెలియదు. అతను కాగితం మడతపెట్టకుండా అట్ట మధ్యలో పెట్టి పట్టుకెళ్లాడు.

మూడున్నరకు గుమాస్తావిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పెదవి విరిచింది. "పరీక్ష దరఖాస్తులో తల్లి పేరు ఒకటి రాశారు. ఇందులో ఇంకొకటి ఉంది. చిక్కే." తనే లేచి అతన్ని అధికారి గదికి తీసుకెళ్లింది.

అధికారి తలెత్తకుండానే అడిగాడు. "ఇందులో ఏది నిజం?"

ఆవిడే మా అమ్మ అనేస్తే పని సులువుగా అయ్యేలా ఉంది. "దరఖాస్తులో రాసిందే నిజమండి" అన్నాడు అతను. "బడిలో పిన్ని అలా రాసిందని నాకు ఇవాళే తెలిసింది."

"తప్పు రాశారన్నమాట."

"తప్పేనండి. కానీ పదో తరగతి దాకా ఆ పేరు చూసి బడివాళ్లు పిలిచినప్పుడల్లా ఆవిడే వచ్చింది."

అధికారి కాసేపు బడి కాగితం వంక చూశాడు. "ఇది తల్లి అని చెప్పడానికి పనికిరాదు. పెంచారని చెప్పడానికి పనికొస్తుంది." దరఖాస్తు అంచున రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, పక్కకు తోశాడు.

కిటికీ దగ్గర గుమాస్తావిడ ఉత్తరం టైపు చేసి ముద్ర వేసింది. ఏడువారాల తర్వాత జరిగే విడతకు తేదీ మార్చారు. పాత హాల్ టికెట్టు చెల్లదు, కొత్తది వస్తుంది. ఈ గైర్హాజరు ప్రయత్నంగా లెక్కకు రాదు. మరణ ధ్రువపత్రం నెలలోపు ఇవ్వకపోతే అనుమతి రద్దు.

"కారణం" అన్నచోట "పెంపుడు తల్లి మరణం" అని ఉంది. అతను వంగి రెండుసార్లు చదువుకున్నాడు.

"ఏమైనా తప్పు పడిందా?" అడిగింది ఆవిడ.

"లేదండి. సరిగ్గానే పడింది." అంటూనే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. వంగే ఉన్నాడు కాబట్టి వెనక వరసలోవాళ్లకు కనబడలేదు. ఆవిడ మాత్రం తర్వాతి మనిషిని వెంటనే పిలవలేదు. చేతిలో ఉన్న కాగితాలనే మళ్లీ ఒకసారి సర్దింది.

ధ్రువపత్రం పన్నెండో రోజున వచ్చింది, తీసుకెళ్లి ఇచ్చాడు. ఏడువారాలూ భార్య ప్రశ్నలు అడిగింది. ఆవిడ జాలిగుండె మనిషి, నసిగినా సరేననేది. అందుకని అతను తనే ఆగి, "నాకు రాదు, మళ్లీ చదువుతా" అని చెప్పేవాడు. పరీక్షలో నాలుగు మార్కుల తేడాతో గట్టెక్కాడు. ఆ కబురు వచ్చినప్పుడు ఒక ఆఫీసు భవనంలో, రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టు పైన కూర్చుని ఉన్నాడు. లోపల ముగ్గురున్నారు. ముందు వాళ్లను దింపి, తర్వాత భార్యకు ఫోన్ చేశాడు.