ముత్తమ్మ వేలిముద్ర

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న భిక్షపతి వీడియో దుకాణంలో నాగేశ్వరికి పని దొరకడానికి కారణం ఒకటే. ఇంటర్వ్యూకి వచ్చే ఆడవాళ్లు మగవాళ్ల చేత కొంగుకు మైకు పెట్టించుకోరు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాగేశ్వరికి నలుగురిలో నోరు పెగలదు. ఆ పనికి మాటలతో పని లేదు. వైరు చీర మాటునుంచి తెచ్చి, పుస్తెలు రాసుకోకుండా, మైకు గుండె మీద నిలిచేలా పెడితే చాలు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, పెళ్లి పనులూ తగ్గాయి. భిక్షపతి ఒక కేబుల్ చానల్‌కి ఇంటర్వ్యూలు తీసి ఇస్తున్నాడు. ఉద్యమంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి కావాలని వాళ్లు అడిగారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరే ముత్తమ్మను నాగేశ్వరే వెతికి పట్టుకుంది. మొదటి రెండుసార్లు ముత్తమ్మ తలెత్తలేదు. మూడోసారి నాగేశ్వరి ఆమె పక్కన కూర్చుని, మాట్లాడకుండా మచ్చకాయలు వేరు చేసింది.

"ఏం అడుగుతరు బిడ్డా?" అంది ముత్తమ్మ చివరికి.

"నీ కొడుకు మధు చిన్నప్పటి సంగతి, సదువు సంగతి. అడగొద్దన్నది అడగరు పెద్దమ్మా."

"వాడు పోయిన గా పొద్దటి ముచ్చట అడగొద్దు. నా కొడుకు ఫోటో మంచిగ చూపియ్యాలె."

ఇంటర్వ్యూ చేసే గౌతమ్ అడగబోయే ప్రశ్నల్లోంచి నాగేశ్వరి ఆ రోజు పొద్దుటి ప్రశ్నను కొట్టేసింది.

మైకు పెట్టకముందే అనుమతి కాగితం మీద సంతకం తీసుకోవడం దుకాణం అలవాటు. మాట్లాడాక మనసు మారుతుందని భిక్షపతి భయం. కాగితం లేనిదే చానల్ వాళ్లు క్యాసెట్ ముట్టరు. "టీవీల ఏస్తందుకు," అని ఒక్క మాటలో చెప్పి, ముత్తమ్మ వేలిముద్ర తీసుకుని, కింద సాక్షిగా నాగేశ్వరి సంతకం చేసింది.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. మధుకు పుస్తకాలు కొనడానికి బత్తాయిల బుట్టలు మోసిన సంగతి చెబుతూ ముత్తమ్మ నవ్వింది కూడా.

"అయిపోయిందండీ, చాలా బాగా చెప్పారమ్మా," అన్నాడు గౌతమ్.

ఆ తర్వాత కూడా కెమెరా కాసేపు తిరుగుతుంది. అడిగేవాడు తల ఊపే షాట్లు అప్పుడే తీస్తారు. ఆ సంగతి ముత్తమ్మకు తెలియదు. నాగేశ్వరికి తెలుసు. షాటు చెడుతుందని మైకు తీయకుండా గోడవారన నిలబడింది.

"మీటింగులు బంద్ జెయ్, లేకుంటే నా ఇంట్ల కనబడకు అన్న బిడ్డా," అంది ముత్తమ్మ, గౌతమ్ వైపు కాదు, నేల వైపు చూస్తూ. "కూడు ముంగట వెట్టుకొని ఉన్నోణ్ని అన్న. వానితోని నేనన్న ఆఖరి మాట గదే."

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న భిక్షపతి కళ్లు పైకెత్తాడు.

మర్నాడు ఆ మాటలే ప్రోగ్రాం మొదట్లో పెట్టాలన్నాడు. అతను టీకి వెళ్లగానే నాగేశ్వరి కంప్యూటర్ ముందు కూర్చుంది. ముత్తమ్మ మైకు ఎడమ లైనులో, గౌతమ్ మైకు కుడి లైనులో రికార్డవుతాయి. ఆ మాటల దగ్గర ఎడమ లైను శబ్దాన్ని పూర్తిగా తగ్గించింది. అయినా గౌతమ్ మైకులోంచి ఆ గొంతు, బావిలోంచి వచ్చినట్టు, వినబడుతూనే ఉంది.

"గంత దగ్గర కూసోవెడితే గిట్లనే," అన్నాడు భిక్షపతి వెనకనుంచి. "ఒకటి మూస్తే ఇంకోటి ఇంటది."

"గా మాటలు తీసెయ్యన్నా. అయిపోయిందన్నంకనే చెప్పింది."

"కాగితంల రికార్డైనదంతా వాడుకోవచ్చని ఉంది. సాక్షి సంతకం నీదే గదా?"

నాగేశ్వరి సొరుగు తెరిచి, ఆ కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసింది. తన చేతులు అంత పని చేస్తాయని ఆమెకే తెలియదు.

భిక్షపతి అరవలేదు. కొత్త కాగితం ఇచ్చాడు. "ముద్ర ఏపిచ్చుకరా. లేకుంటే కంప్యూటర్ల ఉన్నది తీసేసి, క్యాసెట్ మీదనే వేరే పని రికార్డు చేస్త."

మార్కెట్లో ఈసారి నాగేశ్వరి ప్రతి లైనూ చదివింది. మైకు తీయలేదని, ఆఖరి మాటలు కూడా ఎక్కాయని, అవే ముందు వేస్తారని చెప్పింది. ముత్తమ్మ చేతిలోని బత్తాయిని బుట్టలో పెట్టింది.

"నువ్వు ఆడనే నిలవడ్డవు గదనే."

"నిలవడ్డ పెద్దమ్మా."

"జర చెయ్యి వట్టుకుంటే ఊకుందునేమో." ముద్ర కోసం ముందే ఇంకు అంటించుకున్న బొటనవేలును కొంగుకు తుడుచుకుంది. "మరి నా కొడుకు ఫోటో?"

"ముద్ర ఏస్తెనే వస్తది."

"అయితే రానియ్యకు."

వచ్చే ఆదివారం టీవీ చూడమని అంతకుముందే వాడకట్టంతా చెప్పుకుని ఉంది ముత్తమ్మ. ఆ ఆదివారం టీవీలో వేరెవరో వచ్చారు. అదే పొద్దున చంపాపేట్‌లో ఒక పెళ్లికి భిక్షపతి ఆ క్యాసెట్టే కెమెరాలో పెట్టాడు. లైటు పట్టుకుని నిలబడిన నాగేశ్వరి, పెళ్లికూతురు నవ్వును కాక, కెమెరాలో తిరుగుతున్న చక్రాలనే చూస్తూ ఉండిపోయింది. ముత్తమ్మ నవ్విన చోటు ఎంతసేపటికి వచ్చి చెరిగిపోతుందో ఆమెకు తెలుసు.