కనిగిరికి ఎలా వెళ్ళాలి?

ఎనభైల మొదట్లో చిలకలూరిపేట బస్టాండులో ఎంక్వైరీ గుమాస్తాగా పనిచేశాను. ఊరి పేరు చెబితే చాలు, చూసుకోకుండా దారి చెప్పేవాణ్ణి. దానికి నాకు పేరుండేది. మా డిపోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చి పక్క కిటికీలో కూర్చున్నాక ఆ పేరు నెమ్మదిగా అటు జరిగిపోయింది.

ఆమె చర్చి బడిలో పనిచేసే టీచరు కూతురు. దారులు నాకంటే తక్కువ తెలుసు. అయినా నా కిటికీ ఖాళీగా ఉన్నా జనం ఆమె ముందే వరస కట్టేవాళ్ళు. అది చూస్తుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం, స్పిన్నింగు మిల్లులో పనిచేసే ఒక ముస్లిం ఫిట్టరు నా దగ్గరికొచ్చాడు.

"కనిగిరికి ఎట్టా పోవాలండీ?"

"అద్దంకి బస్సెక్కండి. అక్కడ దర్శికి, దర్శిలో పొదిలికి, పొదిలిలో కనిగిరికి మారాలి" అన్నాను గుక్క తిప్పుకోకుండా.

అతను ఇంకేదో అడగబోయి ఆగిపోయాడు. నేను అప్పటికే వెనకాయన వైపు చూస్తున్నాను. అతను వెళ్ళి పక్క కిటికీ దగ్గర నిలబడి మళ్ళీ అదే ప్రశ్న వేశాడు.

ఆమె దారి చెప్పలేదు. "వెళ్ళేది మీరేనా అండీ?" అంది.

"కాదమ్మా, మా అక్క. కనిగిరిలో కూతురికి కానుపైంది."

"అక్క ఎక్కడ్నించి బయల్దేరతారు?"

"తాడేపల్లి నించి."

"బస్సులోనా?"

"ఎరువుల లారీ ఒకటి రేపు ఒంగోలు పోతది. డ్రైవరు మావాడే. కేబిన్లో కూర్చోబెట్టుకుంటానన్నాడు. ఈ సాయంత్రం ఖాళీ లారీతో ఈ ఊరి మీదగానే తాడేపల్లి పోతాడు, అతనికి చీటీ రాసిస్తా."

"అయితే ఈ ఊళ్ళో దిగక్కర్లేదు. ఒంగోలు దాకా లారీలోనే వెళ్ళి, అక్కడ కనిగిరి బస్సెక్కాలి. లారీ ఎన్నింటికి కదులుద్ది?"

"పన్నెండింటికి."

లోడు లారీ ఒంగోలు చేరేసరికి ఐదు దాటుతుంది. ఆమె గోడమీది బస్సు టైముల బోర్డు చూసి, నావైపు తిరిగింది. "ఒంగోల్లో కనిగిరికి ఏడింటికి ఆఖరి బస్సుందండీ. ఇది సరేనా?"

సరి కాదు. ఆ బస్సు కొన్నాళ్ళుగా పొదిలి దాకానే పోతోంది. ఆ సంగతి నాకు తెలుసు, బోర్డు మీద ఎవరూ మార్చలేదు. కనిగిరి దాకా పోయే ఆఖరి బస్సు ఐదింటిది.

"బోర్డు మీదేముంటే అదేనండీ" అన్నాను.

ఏడింటి బస్సేనని ఆమె చెప్పగానే అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె తప్పు చెప్పిందని రేపు అందరికీ తెలుస్తుందనుకుని సంతోషించాను. ఆ సంతోషం గంటసేపు కూడా నిలవలేదు. చంటిబిడ్డ బట్టల మూటతో ఒక ఆడమనిషి పొదిలిలో చీకట్లో దిగిపోవడం కళ్ళకు కట్టింది. డ్యూటీ దిగగానే హైవే మీదికి సైకిలు తొక్కాను. లారీలు ఆగే టీ కొట్టు దగ్గర అతను చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏడింటి బస్సు పొదిలి దాకానే. ఐదింటిది అందాలి. లారీని పదింటికే బయల్దేరమనండి. అది కూడా తప్పితే ఒంగోల్లోనే ఆగి పొద్దున్నే వెళ్ళమనండి" అన్నాను రొప్పుతూ.

అతను చీటీలో దిద్దుకున్నాడు. "ఆ అమ్మాయి పంపిందా అండీ? ఎంత మంచి పిల్ల!"

కాదంటే మధ్యాహ్నం ఎందుకు చెప్పలేదో చెప్పాలి. "అవును" అన్నాను.

రెండు రోజుల తర్వాత అతను జామకాయలు తెచ్చి ఆమె కిటికీలో పెట్టాడు. అక్కకి ఐదింటి బస్సు అందిందట. అతను వెళ్ళాక ఆమె నా దగ్గరికొచ్చింది.

"నేను పంపానన్నారంట. నేనెప్పుడు పంపానండీ?"

దాచలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. "నా మీద కోపముంటే నన్ననండి. వాళ్ళక్కేం చేసింది?" అని, సుద్దముక్క తీసుకుని, స్టూలెక్కి బోర్డు మీద 'పొదిలి వరకే' అని రాసింది.

తర్వాత నేనూ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. ఎక్కడ్నించి, దేనిమీద, ఎప్పుడు, ఎంతమంది అంటూ పోలీసులా అన్నీ ఒక్కసారే అడిగేవాణ్ణి. జనం బెదిరి ఆమె వైపే పోయేవాళ్ళు. ఆమెను గమనించగా గమనించగా తెలిసింది. ఆమె అన్నీ అడగదు. ఏ జవాబు వల్ల దారి మారిపోతుందో అదే అడుగుతుంది, అదీ ఒక్కొక్కటిగా. చేతిలో సంచి పట్టుకుని అద్దంకి బస్సేదని అడిగినవాణ్ణి ఏమీ అడగకుండా ప్లాట్‌ఫారం చూపించేది.

అది నాకు కొంత పట్టుబడింది. ఆమె అంత చక్కగా మాత్రం ఎప్పటికీ రాలేదు. ఏడాది తిరక్కుండానే ఆమెకు గుంటూరు బదిలీ అయింది. వీడ్కోలు సభలో అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. నా కిటికీ ముందు వరస మళ్ళీ పెరుగుతుందన్న ఆశ కూడా ఆ చప్పట్లలో ఉంది.