ఇజ్రాయేలన్న బిల్లులో జాతకం

నాంపల్లిలో మైకు సెట్టు కావాలంటే ఇజ్రాయేలన్నే. ఆయన దుకాణానికి బోర్డు లేదు. సౌండు బాక్సుల మీద తెల్లరంగుతో రాయించిన సెల్ నంబరే బోర్డు. మెదక్ నుంచి జహీరాబాద్ దాకా చర్చిలో పెళ్ళయినా, సువార్త కూటమైనా ఆ నంబరుకే ఫోన్లు. పక్కనే నా స్టేషనరీ దుకాణం. నా పేరు ప్రహ్లాద్. నాకు కోపం తొందరగా వస్తుందని బజారంతా అంటుంది. అబద్ధం, నాకు కోపం ఎప్పుడూ ఉంటుంది.

2008 ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన నా కౌంటర్ మీద పోస్ట్‌పెయిడ్ బిల్లు పరిచి దిగాలుగా నిలబడ్డాడు. ఎప్పుడూ వచ్చేదానికి మూడింతలు వచ్చింది.

"ఫోన్ బంద్ చేయమంటుంది మీ వదినె. నంబరు పోతే నా గిరాకీ పోతది ప్రహ్లాద్ భాయ్."

నిజమే. వేరే కంపెనీకి మారితే నంబరు కూడా మారిపోయే రోజులవి. నాకు ఒళ్ళు మండింది. "పదా, ఆఫీసు మీద పడదాం," అన్నాను.

"జర ఆగు. ముందు చదువుదాం."

మొదటి పేజీలో నెల అద్దె, లోకల్ కాల్స్ మామూలే. కింద రోమింగ్ అని పెద్ద మొత్తం ఉంది. కర్ణాటక అట.

"నేను కర్ణాటక పోనే పోలే! జహీరాబాద్ అవుతల కూటానికి పోయిన, గంతే."

ఆ ఊరు సరిహద్దును ఆనుకుని ఉంది. మనిషి ఇవతలే ఉన్నా ఫోన్ మాత్రం అవతలి టవర్‌ను పట్టుకుంది. ఇక వచ్చిన ప్రతి కాల్‌కూ నిమిషానికింత. తర్వాతి వరుస జీపీఆర్ఎస్, అంటే ఫోన్‌లో వాడిన ఇంటర్నెట్. ప్లాన్‌లో ఉచితంగా ఇచ్చిన డేటా అయిపోయాక కేబీల లెక్కన వేశారు. ఇది కూడా నిజమే, పెళ్ళికూతురు నడిచొచ్చే పాట ఏది బాగుందో తేల్చుకోలేక ఇరవై పాటలు దించుకున్నాడు మహానుభావుడు.

నా కోపం సగం దిగింది. మూడో వరుస దగ్గర మళ్ళీ ఎక్కింది. వాల్యూ యాడెడ్ సర్వీసులు: రాశిఫలాల అలర్ట్.

సరిగ్గా అప్పుడే టిఫిన్ డబ్బాతో జ్ఞానమణి వదిన వచ్చింది. అబిడ్స్‌లో మిషన్ బడి టీచరు. బిల్లు మీద వేలు పెట్టి నిలువునా చదివింది.

"జాతకాలు చూస్తున్నరా మీరు? చర్చిల పాట పాడి, ఇంట్ల రాశులు చూసుకుంటున్నరా? డబ్బు సంగతి గిట్ల పక్కకు పెట్టుండ్రి. గీ ఫోన్ ఇయాల్నే బంద్ అయితది!"

"దేవుని తోడు, నేను అడగలే. రోజూ ఏదో మెసేజ్ వస్తది, అడ్వర్టైజ్‌మెంట్ అనుకొని తీసేస్త."

నాకు నిజంగా జాలేసింది. ముగ్గురం అబిడ్స్‌లోని ఫోన్ కంపెనీ కౌంటర్‌కి నడిచాం. దారంతా వదిన ముందు, మేము వెనుక.

కౌంటర్‌లో సౌభాగ్య అనే అమ్మాయి కూర్చుంది. నేను అరవకముందే నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది. వివరాల పట్టీ తీసి చూసింది.

"ఈ అలర్ట్ ఫ్లాష్ మెసేజ్ ద్వారా మొదలైంది సార్. స్క్రీన్ మీద అదంతట అదే వస్తది. ఓకే నొక్కితే చాలు, సర్వీస్ ఆన్ అయితది. ఆదివారం పొద్దున ఆరున్నరకు నొక్కిన్రు."

"ఆరున్నరకా?" అన్నాడు ఇజ్రాయేలన్న. "ఆ టైముకు ఇంట్ల ప్రార్థన జేస్తున్న. నా చేతులు రెండూ పైకెత్తి ఉంటయి. కావాలంటే జ్ఞానమణినే అడుగు."

వదిన ముఖం ఎర్రబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఏమైంది వదినా?"

"ఫోన్ గుర్రుమన్నది," అంది మెల్లగా. "ఈయన ప్రార్థన లంబా నడుస్తుండె. నా కండ్లు మూసుకునే ఉన్నయి. చప్పుడు ఆపుదామని మధ్యల బటన్ నొక్కిన."

సౌభాగ్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నేనైతే అంత మర్యాదస్తుణ్ణి కాదు, పగలబడి నవ్వాను. ఇజ్రాయేలన్న మాత్రం నవ్వలేదు. భార్య వైపు తిరిగి, "నీ రాశి ఏందో గది కూడా చెప్పు జర," అన్నాడు. అప్పుడు వదిన కూడా నవ్వింది.

సౌభాగ్య అలర్ట్ ఆపించింది. తెలియక నొక్కామని కాగితం రాయించుకుని, ఆ మొత్తం వచ్చే బిల్లులో తగ్గిస్తామంది. రోమింగ్, డేటా వాడినవే కాబట్టి కట్టాలంది. సరిహద్దుకు పోయినప్పుడు నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌లో వదలకుండా మన కంపెనీని మనమే ఎంచుకోవాలని ఫోన్‌లో చూపించింది. కొట్లాడటానికి ఏమీ మిగలలేదు. నాకు కొంచెం బాధేసింది.

మొజంజాహీ మార్కెట్‌లో వదినే మాకు ఐస్‌క్రీమ్ ఇప్పించింది. ఇజ్రాయేలన్న చెంచా నోట్లో పెట్టుకున్నాడో లేదో ఫోన్ మోగింది. తీయబోయి భయంభయంగా ఆమె వైపు చూశాడు. ఆమె ఫోన్ లాక్కుని, కళ్ళు బాగా తెరిచి స్క్రీన్ చూసి, అప్పుడు బటన్ నొక్కింది.

"ఔ, ఇజ్రాయేల్ మైకు సెట్టే," అంది. "పెండ్లి ఎన్నడు? రాసుకోండ్రి, మా నంబరు ఎప్పటికీ గిదే."