బావి మోటారు, నాలుగు మెట్ల పుల్లీ

లక్సెట్టిపేటలో వర్క్‌షాపు పెట్టి ఏడాది తిరగకముందే దాన్ని మూసేద్దామన్నాడు బావ. మా అక్క భర్త, దుబాయి నుంచి తిరిగొచ్చి నాతో పొత్తు కలిసినవాడు. నాక్కూడా అక్కడికి వీసా తెప్పిస్తానని ఒకటే పోరు. ఊరు విడవడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

గొడవంతా డ్రిల్లింగ్ మిషన్‌తోనే. దాని మోటారు కాలిపోతే బావ తన పొలంలోని బావి మోటారు విప్పుకొచ్చి బిగించాడు. మా వైపు ఏది ఆగినా బావి మోటారే దిక్కు. అప్పటినుంచి అరంగుళం బిట్టుతో ఇనుముకు బెజ్జం వేయబోతే చాలు, మొన నీలంగా మాడిపోయేది. ఆ రోజు రైస్‌మిల్లు సేటు షాఫ్టులను కలిపే తన కప్లింగులకు బెజ్జాలు వేయించుకునేందుకు వచ్చి కూర్చున్నాడు. సాయంత్రానికి ఇవ్వకపోతే మంచిర్యాలలో చేయించుకుంటానన్నాడు.

"బెల్టు అన్నిటికంటే తక్కువ స్పీడు మెట్టు మీదనే ఉన్నది. ఇంకేం తగ్గిస్తవ్? గీ మిషిన్ మనకు అచ్చిరాలే బామ్మర్ది, అమ్ముదాం" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. మూత తీసి, నాలుగేసి మెట్లున్న రెండు పుల్లీలూ కొలిచాను. బెల్టున్న మెట్టు దగ్గర మోటారు పుల్లీ రెండంగుళాలు, బిట్టును తిప్పే కుదురు పుల్లీ ఐదు. అంటే మోటారు వేగంలో ఐదింట రెండు వంతులే కుదురుకు వస్తుంది. మూత లోపల వేగాలు రాసిన రేకు ఆ మెట్టుకు నిమిషానికి 576 చుట్లు అంటోంది. అంత రావాలంటే మోటారు నిమిషానికి 1440 తిరగాలి. బావి మోటారు రేకు మీది రంగు గీకి చూస్తే దాని వేగం 2880. ఇంకేముంది, కింది మెట్టు మీదే కుదురు 1152 తిరుగుతోంది! మెత్తటి ఇనుములో అరంగుళం బిట్టుకు ఆరువందల దగ్గర చాలు. మిగతా మెట్లన్నీ అలాగే రెట్టింపు.

నెమ్మదిగా తిరిగే మోటారు కావాలంటే కరీంనగర్ పోవాలి, అంత టైము లేదు. పాత పిండిగిర్నీ సామానులోంచి బేరింగులున్న షాఫ్టు తీసి మోటారు ఉన్నచోట బిగించాం, మోటారును వెనక్కి జరిపాం. మోటారుకున్న మెట్ల పుల్లీని విప్పి ఆ షాఫ్టుకెక్కించి, దాని పక్కన ఆరంగుళాల పుల్లీ, మోటారుకు మూడంగుళాల పుల్లీ వేసి, ఆ రెండింటినీ ఇంకో బెల్టుతో కలిపాం. మోటారు రెండుసార్లు తిరిగితే షాఫ్టు ఒకసారి తిరుగుతుంది. అంతే, రేకు మీది నాలుగు అంకెలూ మళ్లీ నిజమయ్యాయి.

స్విచ్ వేశాను. బిట్టు ఇనుములోకి దిగింది, రెండు వైపులా పొట్టు పొడుగ్గా మెలికలు తిరుగుతూ లేచింది. పొగ లేదు, కీచుమనడం లేదు. ఆనందంతో గట్టిగా కేక వేశాను. సేటు లేచి వచ్చి నిలబడి చూశాడు. చీకటి పడకముందే కప్లింగులు తీసుకుని, మిల్లులో మిగిలిన పని కూడా మాకే పంపుతానని చెప్పి వెళ్లాడు.

బావ బెల్టును ఒక్కొక్క మెట్టూ మార్చి, ఆపి, మళ్లీ నడిపి చూశాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ నా దిక్కు చూడకుండానే అన్నాడు: "గా వీసా మా తమ్మునికి ఇస్త. నువ్వు పోతే గిదంతా ఎవడు చూస్తడు?"